పీలర్, బాబీ: ఒకే మంత్రి పేరు మీద పుట్టిన రెండు పోలీసు పేర్లు

ప్రశ్న: "మన దగ్గర పోలీసుల్ని మామలు అంటారు, ఇంగ్లండులో బాబీ అంటారట, అమెరికాలో పందులని తిడతారు. ఈ పేర్లను బట్టి ఏ దేశంలో జనానికి పోలీసుల మీద ఎంత నమ్మకం ఉందో చెప్పొచ్చా?"

దేశం మొత్తానికి కలిపి చెప్పలేము. పోలీసులకు జనం పెట్టిన పేరు, ఆ పేరు పలికే మనుషుల దగ్గరికి పోలీసు సాధారణంగా ఏ పని మీద వస్తాడో చెబుతుంది. ఆ పని తెలిస్తే నమ్మకం సంగతి చాలావరకు తెలుస్తుంది. పని తెలుసుకోకుండా పేర్లను మాత్రమే పక్కపక్కన పెట్టి దేశాలకు మార్కులు వేస్తే తప్పు లెక్కలే వస్తాయి. పాత నిఘంటువులతో, దొంగభాషల పదకోశాలతో చాలాకాలంగా పనిచేస్తున్నవాడిగా నాకు ఈ విషయంలో అన్నిటికన్నా స్పష్టంగా కనిపించే ఉదాహరణ ఒకటి ఉంది. రాబర్ట్ పీల్ అనే ఒకే రాజకీయ నాయకుడి పేరు నుంచి ఐర్లండులో ఒక పేరు, లండనులో మరొక పేరు పుట్టాయి. మొదటిది ద్వేషంతో పలికే మాటగా స్థిరపడింది, రెండోది కాలక్రమంలో ముద్దుపేరుగా మారింది.

పీల్ 1812లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, అప్పట్లో బ్రిటిషు పాలనలో ఉన్న ఐర్లండు వ్యవహారాలు చూసే చీఫ్ సెక్రటరీగా డబ్లిన్ వెళ్ళాడు. అక్కడ భూస్వాములకూ కౌలుదారులకూ మధ్య ఎడతెగని ఘర్షణలు జరుగుతుండేవి. వాటిని అణచడానికి ఆయన 1814లో శాంతి పరిరక్షణ దళం పేరుతో ఒక కొత్త బలగాన్ని ఏర్పాటు చేశాడు. ఏదైనా ఒక ప్రాంతాన్ని "కల్లోలిత ప్రాంతం"గా ప్రకటిస్తే ఈ దళం అక్కడికి వెళ్ళి మకాం వేస్తుంది. దానిలో చేరినవారిలో సైన్యంలో పనిచేసి వచ్చినవారు ఎక్కువ. మొట్టమొదట అది దిగినది టిప్పరరీ జిల్లాలోని మిడిల్‌థర్డ్ అనే ప్రాంతంలో. దళం ఖర్చును ఆ ప్రాంతంలోని జనం మీదే పన్నుగా వేసి వసూలు చేసేవారు. దళం ఎన్నాళ్ళు ఉంటే అన్నాళ్ళూ ఊరివాళ్ళు దాని జీతాలు మోయాలి, ఎవరో చేసిన నేరానికి ఊరంతా జరిమానా కట్టినట్టే అన్నమాట. అలా వచ్చిన మనుషులకు జనం పెట్టిన పేరు "పీలర్లు", అంటే పీల్ గారి మనుషులు. ఊరితో ఏ సంబంధమూ లేకుండా, డబ్లిన్‌లో కూర్చున్న ఒక అధికారి ఆజ్ఞ మీద వచ్చినవాళ్ళు అనే అర్థం ఆ పేరులోనే ఉంది.

తర్వాతి చట్టాలు ఈ దూరాన్ని తగ్గించకపోగా పెంచాయి. 1836లో జిల్లాల పోలీసులందరినీ కలిపి ఒకే కేంద్ర నాయకత్వం కిందికి తెచ్చారు. 1867లో దానికి "రాయల్" బిరుదు తగిలింది. కానిస్టేబులును సొంత జిల్లాలో గాని, భార్య పుట్టిన జిల్లాలో గాని నియమించేవారు కాదు. అతడు జనం మధ్య ఇల్లు తీసుకోకుండా బ్యారక్‌లోనే ఉండాలి, చేతిలో తుపాకీ ఉండాలి. వీటికి పాలకుల దగ్గర కారణాలు లేకపోలేదు. సొంత ఊళ్ళో బంధుప్రీతి వస్తుందని, ఒంటరిగా ఉంటే ప్రాణాపాయమని వాళ్ళు భావించారు. కానీ ఊరివాళ్ళకు పోలీసు ఎప్పుడు కనిపించేవాడో చూడండి. 1830లలో ప్రొటెస్టెంటు చర్చికి కట్టవలసిన దశమ భాగం పన్నును కాథలిక్కు రైతుల నుంచి వసూలు చేయడానికి అధికారుల వెంట వచ్చాడు. కౌలు కట్టలేని కుటుంబాన్ని ఇల్లు ఖాళీ చేయించేటప్పుడు అమీనాకు కాపలాగా నిలబడ్డాడు. 1830 ప్రాంతంలో టిప్పరరీలోనే పుట్టిన ఒక పాటలో దారిలో ఎదురైన మేకను పీలర్లు అరెస్టు చేస్తారు. ఐర్లండులో ఆ పాట తరతరాలు నిలిచింది.

ఈ పోలీసుల్లో కింది స్థాయివారు అత్యధికులు ఐర్లండు కాథలిక్కులే, చాలామంది చిన్న రైతుల కొడుకులే. అంటే పోలీసు "మనవాడు కాదు" కాబట్టి ద్వేషం పుట్టిందనే మామూలు వివరణ ఇక్కడ చాలదు. వాళ్ళు మనవాళ్ళే అయినా, వాళ్ళు వచ్చిన పని తమది కాదని జనం తేల్చుకున్నారు. మన దగ్గర కూడా "మన కులంవాడినో, మన ఊరివాడినో వేస్తే నమ్మకం వస్తుంది" అనే వాదన తరచుగా వింటాము కాబట్టి ఈ విషయాన్ని నొక్కి చెబుతున్నాను.

ఇక లండను సంగతి. పీల్ హోం మంత్రి అయ్యాక 1829లో మెట్రోపాలిటన్ పోలీసు చట్టం తెచ్చాడు. ఆ సంవత్సరం సెప్టెంబరు 29న తొలి పోలీసులు వీధుల్లోకి వచ్చారు. ఇంగ్లీషువారికి సైన్యం వీధుల్లో తిరగడమంటే పాత భయం. అందుకే సైనికుల ఎర్రకోటుకు భిన్నంగా నీలం కోటు, పెద్దమనుషులు పెట్టుకునే పొడవాటి టోపీ, తుపాకీకి బదులు కోటు లోపల దాచుకునే కర్ర ఇచ్చారు. ఇంత జాగ్రత్త పడినా మొదటి రోజుల్లో ఎవరూ ముద్దుపేరు పెట్టలేదు. "నీలి దయ్యాలు" అన్నారు, "పీల్ గారి రక్తపు ముఠా" అన్నారు. వాటికన్నా పదునైనది "పచ్చి రొయ్య" అనే పేరు. అప్పట్లో ఎర్రకోటు సైనికుణ్ణి రాతిరొయ్య అని ఎగతాళి చేసేవారు. ఉడికించిన రాతిరొయ్య ఎర్రగా, ఉడకనిది నీలంగా ఉంటుంది. పోలీసు కూడా సైనికుడే, ఇంకా వేడినీళ్ళలో పడలేదు అంతే అని ఆ మాటకు అర్థం. ప్రభుత్వం ఎంతో ఆలోచించి ఎంచుకున్న రంగునే పట్టుకుని, ఆ ఎంపిక వెనుక ఉద్దేశాన్ని నమ్మడం లేదని జనం ఒక్క మాటలో చెప్పారు.

ఆ అపనమ్మకం ఎంత లోతైనదో 1833 మే 13న జరిగిన సంఘటన చూపిస్తుంది. కోల్డ్‌బాత్ ఫీల్డ్స్ అనే చోట కార్మికుల సభను పోలీసులు చెదరగొట్టారు. ఆ గొడవలో రాబర్ట్ కల్లీ అనే కానిస్టేబులు కత్తిపోటుకు చనిపోయాడు. మరణ విచారణకు కూర్చున్న స్థానికుల జ్యూరీ అది "సమర్థనీయమైన హత్య" అని తీర్పు చెప్పింది. సభను రద్దు చేస్తున్నట్టు చట్టప్రకారం చదివి వినిపించలేదని, పోలీసులు క్రూరంగా ప్రవర్తించారని ఆ జ్యూరర్లు కారణాలు చూపారు. పై కోర్టు తర్వాత ఆ తీర్పును కొట్టివేసింది గాని, అప్పటికే లండను జనం ఆ జ్యూరర్లను వీరులను చేసి సన్మానించారు. ఆ జ్యూరర్లు దొంగలు కారు, దుకాణాలు నడుపుకునే మామూలు గృహస్థులు. పోలీసులు వీధుల్లోకి వచ్చి అప్పటికి నాలుగేళ్ళు కూడా నిండలేదు.

ఆ తర్వాత పదిహేనేళ్ళలోపే "బాబీ" అనే మాట వాడుకలో కనిపిస్తుంది. రాబర్ట్ అనే పేరుకు ఇంట్లో పిలుచుకునే రూపం అది. ఈ మార్పు ప్రచారంతో రాలేదు. రోవన్, మేన్ అనే తొలి కమిషనర్లు ఇద్దరూ తాగి డ్యూటీకి వచ్చినవాళ్ళను కనికరం లేకుండా తీసివేశారు. ప్రతి పోలీసు కాలరు మీదా నంబరు ఉండేది, కాబట్టి దెబ్బ తిన్నవాడికి ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తెలిసేది. అన్నిటికన్నా ముఖ్యమైనది రోజువారీ గస్తీ. ఒకే పోలీసు అదే వీధిచుట్టులో, గంటకు సుమారు రెండున్నర మైళ్ళ నడకతో, ప్రతి రాత్రీ తలుపులు గడియ పడ్డాయో లేదో తోసి చూస్తూ తిరిగేవాడు. ఇంటి యజమానికి అతడు తన తలుపు చూసి వెళ్ళే మనిషి. ఐర్లండులో పోలీసు ఇంటి తలుపు దగ్గరికి వచ్చింది ఖాళీ చేయించడానికి. ఇద్దరూ ఒకే మంత్రి ఆలోచన నుంచి వచ్చినవారే.

కానీ లండను అంతా బాబీ అన్నదని అనుకుంటే పొరపాటు. అదే కాలంలో లండను తోపుడు బళ్ళ వ్యాపారులు పోలీసును "స్లాప్" అనేవారు. వాళ్ళు ఇంగ్లీషు మాటలను తిరగేసి పలికే ఒక రహస్య భాష వాడేవారు. అందులో పోలీస్ అనే మాట "ఎస్లాప్" అయింది, అరిగి స్లాప్‌గా మిగిలింది. వీధిలో బండి ఆపితే పోలీసు వచ్చి "కదులు, కదులు" అంటాడు. కదిలితే బేరం పోతుంది, కదలకపోతే జరిమానా పడుతుంది. వీళ్ళ జీవితాన్ని దగ్గరగా చూసి రాసిన హెన్రీ మేహ్యూ, వీళ్ళలో పోలీసును కొట్టడం గొప్ప ధైర్యంగా లెక్క అని, అలా జైలుకు వెళ్ళి వచ్చినవాడికి తోటివాళ్ళు చందాలు వేసి డబ్బు ఇచ్చేవారని నమోదు చేశాడు. ఇంటి తలుపు ఉన్నవాడికి బాబీ, వీధే బతుకుతెరువైనవాడికి స్లాప్. ఒకే నగరంలో, ఒకే సంవత్సరంలో, ఒకే పోలీసుకు ఈ రెండు పేర్లూ నడిచాయి. "ఇంగ్లండులో బాబీ అంటారు" అనే వాక్యం సగం నిజం మాత్రమే అని నేననడం ఇందుకే.

ఎవరైనా ఇలాంటి పదాలు సేకరించాలనుకుంటే ఇక్కడ గమనించవలసిన తేడా ఒకటి ఉంది. కొన్ని పేర్లు పోలీసు వెనక మాట్లాడుకునేవి, కొన్ని పోలీసు వినేంత దూరంలో ఉన్నప్పుడు తోటివాణ్ణి హెచ్చరించడానికి పనికొచ్చేవి. హెచ్చరిక మాట పోలీసుకు అర్థమైన రోజున దాని పని అయిపోతుంది, మరో మాట పుట్టాలి. ఫ్రాన్సులో పోలీసును "ఫ్లిక్" అంటారు. శివారు పేటల యువకులు దాన్ని తిరగేసి "కెఫ్" అన్నారు. అది అందరికీ తెలిసి నిఘంటువులకు ఎక్కాక, దాన్నే మళ్ళీ తిరగేసి "ఫెక్" అన్నారు. మాట ఎంత మోటుగా ఉందో చూడడం కన్నా, ఎంత త్వరగా మారుతోందో చూడడం మేలు. పేట్లో కుర్రాళ్ళను దారిలో ఆపి గుర్తింపు కార్డులు అడగడం ఎక్కువైనచోట కొత్త మాటల అవసరమూ ఎక్కువవుతుంది.

మోటుతనాన్ని కొలబద్దగా తీసుకుంటే ఏమవుతుందో నార్వే చూపిస్తుంది. అక్కడ వాడుకలో పోలీసును "పుర్క్" అంటారు, అదీ పందికి సంబంధించిన మాటే. అయినా పోలీసు మీద జనానికి నమ్మకం బాగా ఎక్కువగా ఉన్న దేశాల్లో నార్వే ఒకటని సర్వేలు పదేపదే చెబుతున్నాయి. మీరు అడిగిన "పంది" కూడా అమెరికాలో 1960లలో పుట్టిన తిట్టని చాలామంది అనుకుంటారు గాని, 1811లో లండనులో అచ్చయిన మోటుమాటల నిఘంటువులోనే పోలీసు అధికారి అనే అర్థంతో అది ఉంది. అంటే పీల్ దళాల కన్నా ముందే. అమెరికాలో నల్లజాతి ఉద్యమాలు, యుద్ధ వ్యతిరేక ఊరేగింపులు దానికి కొత్త కోపాన్ని ఎక్కించాయి. మాట పుట్టుకను బట్టి నమ్మకాన్ని అంచనా వేయకూడదు, ఈరోజు ఎవరు ఏ గొంతుతో పలుకుతున్నారో వినాలి. పుట్టుక కథల్లోనూ చాలావరకు కల్పితాలే. "కాప్" అనేది గస్తీ కానిస్టేబులు అనే మాటలకు పొడి అక్షరాలని, రాగి గుండీల వల్ల "కాపర్" అన్నారని చెప్పేవి నిలబడవు. పట్టుకోవడం అనే అర్థం గల పాత క్రియ నుంచి కాపర్ వచ్చింది, కాప్ దాని పొట్టి రూపం.

ఐర్లండు కథ 1922తో ఆగలేదు. దక్షిణాన స్వతంత్ర రాజ్యం ఏర్పడి పాత పోలీసు రద్దయింది. కొత్త దళానికి "శాంతి రక్షకులు" అనే అర్థం వచ్చే ఐరిష్ పేరు పెట్టారు, సాధారణ పోలీసు చేతిలో తుపాకీ ఉండకూడదని నిర్ణయించారు. జనం ఆ అధికారిక పేరునే కుదించి "గార్డులు" అంటారు. ప్రభుత్వం పెట్టిన పేరు నోటి మాటగా స్థిరపడడం అరుదు. ఉత్తరాన మాత్రం పోలీసు దళం బ్రిటిషు పాలన కిందే మరో పేరుతో కొనసాగింది. అక్కడ 2001లో సంస్కరణలు వచ్చి దళం పేరు, చిహ్నం, యూనిఫాం అన్నీ మారాయి. పదేళ్ళపాటు సగం నియామకాలు కాథలిక్కులకు ఇచ్చారు. అయినా బెల్‌ఫాస్ట్ వీధుల్లో ఈరోజు కూడా పోలీసు "పీలర్"గానే ఉన్నాడు. కాకపోతే రెండు మతాలవాళ్ళూ ఆ మాట వాడతారు, చాలాసార్లు ఏ ద్వేషమూ లేకుండా. పేరు మిగిలింది, విషం చాలావరకు తగ్గింది. అటు ఇంగ్లండులో "బాబీ" ఇప్పుడు యువకుల నోట అంతగా వినపడదు. వీధుల్లో మరింతమంది బాబీలు కావాలని రాజకీయ నాయకులు, పత్రికలు అడిగేటప్పుడే ఎక్కువగా కనిపిస్తుంది. కనిపించకుండా పోయిన గస్తీ మీది బెంగను చెప్పే మాటగా అది మారింది.

మనకు ఈ కథతో నిజమైన సంబంధమే ఉంది. బ్రిటిషు సేనాని చార్లెస్ నేపియర్ 1843లో సింధును ఆక్రమించి, ఐర్లండు పోలీసు నమూనాలో అక్కడ దళం ఏర్పాటు చేశాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో అప్పటిదాకా శిస్తు వసూలు, పోలీసు పని ఒకే బంట్రోతుల చేతిలో ఉండేవి. శిస్తు రాబట్టడానికి వేళ్ళను కర్రల మధ్య నొక్కే కిట్టీ వేయడం, మనిషిని వంచి కట్టి ఎండలో ఉంచడం మామూలైపోయిందని 1855లో హింసల విచారణ సంఘం నివేదించింది. తెలుగు జిల్లాలు కూడా ఆ ప్రెసిడెన్సీలోవే. ఆ నివేదిక తర్వాత 1859లో మద్రాసు పోలీసు చట్టం, 1861లో దేశవ్యాప్త పోలీసు చట్టం వచ్చాయి. శిస్తు పనిని పోలీసు నుంచి వేరుచేయడం పెద్ద మేలే. కానీ ఎంచుకున్న నమూనా లండను వీధిచుట్టుది కాదు. పైఅధికారికి జవాబుదారీగా, లైన్లలో మకాం ఉండి, అవసరమైనచోటికి తరలివెళ్ళే ఐర్లండు తరహాదే. మన జనానికి పోలీసుతో పరిచయం ఎక్కువగా అల్లర్లు, తనిఖీలు, కేసుల సందర్భంలోనే ఏర్పడడానికి ఈ ఎంపిక ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

మీరు చెప్పిన "మామలు" అచ్చమైన హెచ్చరిక మాట. "ముందు చౌరస్తాలో మామలున్నార్రా, హెల్మెట్ పెట్టుకో" అనే చోట అది పుడుతుంది. అందులో ద్వేషం లేదు, దొరికితే చలానా తప్పదనే జాగ్రత్త ఉంది. జైలును "అత్తారిల్లు" అనే మన పాత వాడుకతో అది చక్కగా కలిసిపోతుంది. హిందీలోనూ మామూ, ససురాల్ అనే జంట ఇలాగే నడుస్తుంది. అదే కుర్రాడి ఫోను పోయి స్టేషనుకు వెళ్ళవలసి వస్తే నోట "మామ" రాదు, "సార్" వస్తుంది. కాబట్టి ఈ మాటను నమ్మకానికి గాని, అపనమ్మకానికి గాని సాక్ష్యంగా తీసుకోలేము. ట్రాఫిక్ తనిఖీ అనే ఒక్క సందర్భానికే అది చెల్లుతుంది.

తెలుగులో నమ్మకాన్ని వినాలంటే మారుపేర్ల కన్నా, మాట చివర చూడాలి. పోలీసాయన, పోలీసు వాళ్ళు, ఎస్సై గారు, పోలీసోడు: మనిషి ఒకడే అయినా తోక మారుతుంది. మోటారు సైకిలు పోయిన మా బంధువు ఒకాయన ఆ కథ చెబుతుంటే శ్రద్ధగా విన్నాను. మొదట "పోలీసాయన కూర్చోబెట్టి అన్నీ రాసుకున్నాడు" అన్నాడు. రెండో రోజు కథలో "పోలీసు వాళ్ళు రేపు రమ్మన్నారు" అయింది. ఎఫ్‌ఐఆర్ నకలు ఇవ్వకుండా, బండి నువ్వే ఎక్కడో పెట్టి మరిచిపోయావేమో చూసుకో అన్న దగ్గరికి వచ్చేసరికి అదే మనిషి "పోలీసోడు" అయ్యాడు. ఆయనకు ఆ మార్పు తెలియదు, కోపంతో ఎంచుకుని అన్నదీ కాదు. ఫిర్యాదుదారుకు ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది, ఆ కాగితం అందని చోటే మాట మారింది. మీరు మన ప్రాంతంలో ఈ విషయం పరిశీలించాలనుకుంటే తిట్ల జాబితా తయారు చేయకండి. స్టేషనుకు వెళ్ళి వచ్చినవాళ్ళ చేత మొదటి నుంచి చివరిదాకా కథ చెప్పించుకుని, ఆ తోక ఏ మెట్టు దగ్గర మారుతోందో గుర్తు పెట్టుకోండి.